ఆ 26 వేలు ఎక్కడివి? పరీక్ష ముందురోజు రాత్రి చక్రవడ్డీ అర్థమైన ఒక కేసు

డిగ్రీ కాలేజీల్లో ఫైనాన్స్ చెప్పేవాళ్లకు, ట్యూషన్ చెప్పేవాళ్లకు పనికొస్తుందని ఈ కేసు మొత్తం రాస్తున్నాను. అమ్మాయి ఒప్పుకున్నాకే రాస్తున్నాను, పేరూ ఊరూ వదిలేశాను. పల్నాడు వైపు పల్లె వాళ్లది. తండ్రి కౌలుకు మిరప వేస్తాడు, తల్లి కూలికి వెళ్తుంది, ఆ ఇంట్లో పదో తరగతి దాటిన మొదటి మనిషి ఈ అమ్మాయే. మా దగ్గర బీకాం రెండో ఏడు. క్లాసు మానేది కాదు, నోట్సు ముత్యాల్లాంటి అక్షరాలతో ఉండేది, థియరీ ప్రశ్నలకు మంచి మార్కులే వచ్చేవి. డబ్బు కాలవిలువ అనే యూనిట్ దగ్గర మాత్రం గట్టిగా ఇరుక్కుపోయింది. ఫైనాన్షియల్ మేనేజ్‌మెంట్ పేపర్లో మిగతా చాలా యూనిట్లు దాని మీదే నిలబడతాయి కాబట్టి అది ఒక్కటి పోతే సగం పేపరు పోయినట్టే.

ముందు తను చేసిన తప్పు ఏమిటో చూద్దాం. లెక్క మామూలుదే. పదివేల రూపాయలు, ఏడాదికి 12 శాతం, ఆరు నెలలకోసారి చక్రవడ్డీ, మూడేళ్లకు మొత్తం ఎంత అవుతుంది? తను సూత్రం సరిగ్గా రాసింది, A = P(1 + r/n)^(nt) అని. అంకెలూ సరిగ్గానే పెట్టింది, 10,000 × (1 + 0.12/2)^(2 × 3). తర్వాతి వరుస 10,000 × (1.06)^6, అదీ సరైనదే. ఆ తర్వాత 10,000 × 1.06 × 6 = 63,600 అని రాసి కింద రెండు గీతలు గీసింది.

దీన్ని చూసి చాలామంది టీచర్లు ఘాతాంకాలు రావు అని తేల్చేస్తారు. వస్తాయి. రెండు ఘాతం మూడు ఎంతమ్మా అంటే ఎనిమిది అని చెప్పింది, విడిగా అడిగితే 1.06ని 1.06తో గుణించి కూడా చూపించింది. మరి లెక్క మధ్యలో ఎందుకు తప్పింది అంటే, ఆ పైన ఉన్న 6 దేన్ని లెక్కపెడుతోందో తనకు తెలియదు. తెలియనప్పుడు చెయ్యి తనకు అలవాటైన గుణకారం వైపు పోతుంది. నాకు ఇంకా ఎక్కువ ఆందోళన కలిగించింది వేరే విషయం. 12 శాతానికి పెట్టిన పదివేలు మూడేళ్లలో 63 వేలు దాటిపోయాయని కాగితం మీద తేలితే ఆ అమ్మాయికి అందులో వింతేమీ కనిపించలేదు. జవాబు అసలు నమ్మేలా ఉందా లేదా అన్న ప్రశ్నే లేచి రాలేదు.

పరీక్ష మర్నాడు పొద్దున. హాస్టల్ బాధ్యత కూడా నాదే కాబట్టి రాత్రి భోజనాలయ్యాక డౌట్లున్న పిల్లలు రీడింగ్ హాల్లో నా దగ్గరికి వస్తారు. ఎనిమిది దాటాక ఈ అమ్మాయి ఆ కాగితం పట్టుకుని వచ్చింది. టెన్షన్‌తో గొంతు కూడా సరిగ్గా రావట్లేదు. నేను కాగితం పక్కన పెట్టి అడిగాను.

"మీ ఊళ్లో రూపాయి వడ్డీకి పదివేలు తెస్తే మూడేళ్లకు వడ్డీ ఎంతమ్మా?"

"మూడువేల ఆరొందలు మేడమ్."

పెన్ను ముట్టుకోలేదు, ఆలోచించను కూడా లేదు. నూటికి నెలకు రూపాయి, పదివేలకు నెలకు నూరు, ముప్ఫై ఆరు నెలలకు మూడువేల ఆరొందలు. చిన్నప్పటినుంచీ ఇంట్లో విన్న లెక్క అది. ఇప్పుడు ఈ ప్రశ్నలో 12 శాతం అంటే మీ ఊరి లెక్కలో ఎన్ని రూపాయల వడ్డీ అని అడిగాను. కాసేపు ఆగి, "రూపాయి వడ్డీయేనా మేడమ్?" అంది, నమ్మలేనట్టు. అంతే కదా మరి, నెలకు నూటికి రూపాయి అంటే ఏడాదికి 12. రెండు రూపాయల వడ్డీ అంటే 24 శాతం. తన తలలో ఇవి రెండూ రెండు వేరువేరు అరల్లో ఉన్నాయి. రూపాయల వడ్డీ ఇంటిది, అక్కడ తను చాలా చురుకు. శాతం కాలేజీది, అక్కడ సూత్రం చెప్పిందే వేదం.

ఆ రెండు అరలూ కలిశాక చేసిన మొదటి పని, 63,600ని తనే కొట్టేయడం. "రూపాయి వడ్డీకి ఇంత ఎవరూ తీసుకోరు మేడమ్" అంది. నేను చెప్పకముందే. ఇకనుంచి ప్రతి లెక్కకూ ముందు బారువడ్డీ జవాబు పక్కన పెన్సిల్‌తో రాసుకోమన్నాను, ఇక్కడైతే 13,600. చక్రవడ్డీ జవాబు దానికంటే ఎక్కువ రావాలి, మూడేళ్లలాంటి చిన్న గడువుకు మరీ దూరం పోకూడదు. ఈ ఒక్క అలవాటుతో పరీక్షలో సగం ఘోరాలు దొరికిపోతాయి.

అసలు చిక్కు ఇక్కడ మొదలైంది. సరైన జవాబు 14,185, తన బారువడ్డీ జవాబు 13,600. ఆ 585 రూపాయలు ఎక్కడివి అన్నది తనకు ఎక్కట్లేదు. పుస్తకంలో ఉన్నట్టే పట్టిక వేసి, మొదటి ఆరునెలల వడ్డీ 600 అసలులో కలిసి 10,600 అయింది, రెండో ఆరునెలలకు దాని మీద 636 అని చూపించాను. రాసుకుంది, తల ఊపింది, ఆపైన అడిగింది.

"వడ్డీ మీద వడ్డీ ఎవరిస్తారు మేడమ్? మేం కట్టేది తీసుకున్న డబ్బు మీదే కదా."

ఈ ప్రశ్నను తేలిగ్గా దాటేసే టీచర్లను చాలామందిని చూశాను. అలా దాటెయ్యకూడదు, అది చాలా సరైన అభ్యంతరం. వడ్డీ తనంతట తాను అసలు కాదు. ఒప్పందంలో ఎక్కడో ఒకచోట, ఏదో ఒక తేదీన, ఇప్పటిదాకా అయిన వడ్డీని అసలులో కలుపుతున్నాం అని ఉండాలి. బ్యాంకులో అయితే వడ్డీ ఖాతాలో వేసే తేదీ అది. 2001లో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం సెంట్రల్ బ్యాంక్ వర్సెస్ రవీంద్ర కేసులో తేల్చింది కూడా ఇదే. ఒప్పందం ప్రకారమో, చెల్లే ఆనవాయితీ ప్రకారమో అసలులో కలిపేసిన వడ్డీ ఇక వడ్డీ కింద లెక్కకు రాదు, అసలులో భాగమే అవుతుంది. పుస్తకంలో పట్టిక ఈ తేదీని చూపించదు, కలిసిపోయిన అంకెను మాత్రమే చూపిస్తుంది. అందుకే ఈ అమ్మాయిలాంటి వాళ్లకు అది మాయలా అనిపిస్తుంది.

మీ ఇంట్లో ప్రోనోటు బాకీ ఏమైనా ఉందా అని అడిగాను. ఇలాంటివి అందరిముందూ అడిగే ప్రశ్నలు కావు, పక్కన ఎవరూ లేరు కాబట్టి అడిగాను. కాసేపు తలొంచుకుని కూర్చుంది. తర్వాత చెప్పింది, ఉంది మేడమ్, దాని మీదే ఇంట్లో గొడవ అని. బోరు వేయించడానికి తండ్రి ఊళ్లో ఒకాయన దగ్గర రెండు రూపాయల వడ్డీకి యాభై వేలు తెచ్చాడు. ఆరేళ్లకు అది లక్షా నలభై ఎనిమిది వేలయింది. తల్లి లెక్క ఏమిటంటే నెలకు వెయ్యి చొప్పున ఆరేళ్లకు 72 వేలు, అసలుతో కలిపి లక్షా ఇరవై రెండు వేలు. మిగతా 26 వేలు వాడు దొంగలెక్క రాసి మింగాడు, నువ్వు చదువురాక వేలిముద్ర వేసొచ్చావు అని తల్లి, తండ్రిని అంటూనే ఉంటుందట. తండ్రి దగ్గర జవాబు లేదు.

అప్పటికి తొమ్మిది కావస్తోంది. ఇంటికి ఫోన్ చేసి కనుక్కోమన్నాను.

"నాన్నా, మన నోటు మధ్యలో ఎప్పుడన్నా తిరగరాశావా?"

"రాశాం కదమ్మా. మూడేళ్లు దాటితే కాలదోషం పడుతుందని ఆయనే తొందరపెట్టి రాయించాడు. మళ్లీ నిరుడు రాశాం."

"మొదటిసారి తిరగరాసినప్పుడు ఎంతకు రాశారు?"

"ఎనభై ఆరు వేలకు. ఇప్పుడెందుకమ్మా అదంతా, రేపు పరీక్ష కదా?"

"ఆ పరీక్షకే నాన్నా."

మధ్యలో ఏమైనా చెల్లు పెట్టారా అని కూడా అడగమన్నాను, అంటే కొంత డబ్బు కట్టి నోటు వెనక రాయించడం. లేదన్నాడు. ఆ ఏళ్లలో వచ్చిన మిరప డబ్బు అంతా పురుగుమందుల బాకీకే పోయిందట.

ఫోన్ పెట్టేశాక తను తెల్లకాగితం తీసుకుని సొంతంగా మొదలుపెట్టింది. యాభై వేలు, నెలకు వెయ్యి, 36 నెలలకు 36,000, మొత్తం 86,000. నాన్న చెప్పింది సరిపోయింది. కింద రెండో మూడేళ్లు అని రాసి, మళ్లీ నెలకు వెయ్యి, 36,000, మొత్తం 1,22,000 అని వేసింది. అంటే తల్లి లెక్కే. నేను ఒక్కటే అడిగాను, "రెండో నోటు మీద ఎంతకు బాకీ అని రాసి ఉంటుంది?"

పెన్ను ఆగిపోయింది. 86 వేలకు అని రాసి ఉంటుంది. పాత నోటు చింపేస్తారు, కొత్త నోటు మీద యాభై వేలు అన్న మాట ఎక్కడా ఉండదు, 36 వేల వడ్డీ అన్న మాటా ఉండదు, 86,000 అప్పు అని ఒక్క అంకె ఉంటుంది. ఆ నోటుకు నెలకు రెండు రూపాయల వడ్డీ అంటే వెయ్యి కాదు, 1,720. ముప్ఫై ఆరు నెలలకు 61,920. రెండూ కూడితే 1,47,920.

"నాన్న లక్షా నలభై ఎనిమిది అన్నాడు మేడమ్. ఎనభై రూపాయలు తేడా వస్తోంది." నోటు రాసేటప్పుడు వెయ్యికి సరిచేసి ఉంటారని చెప్పాను, పల్లెల్లో అది మామూలే, సరిచేసేది ఎప్పుడూ పైకే.

అప్పుడు తను చేసిన పని నేను చెప్పింది కాదు. కాగితం పక్కన ఇంకో మూల 36,000 అని రాసి, దానికి నెలకు 720, ముప్ఫై ఆరు నెలలకు 25,920 అని వేసింది. దానికి ఎనభై కలిపింది. సరిగ్గా 26,000. తల్లి ఇన్నేళ్లుగా దొంగలెక్క అంటున్న డబ్బు ఆ మూల పైసాతో సహా తేలింది. మొదటి మూడేళ్ల వడ్డీ రెండో నోటులో అసలుగా మారి, తనూ వడ్డీ సంపాదించింది. అందరూ వడ్డీ మీద వడ్డీ అనేది అదే. చాలాసేపు ఆ కాగితం వంకే చూస్తూ ఉండిపోయి, "అయితే నాన్న మోసపోలేదు మేడమ్" అంది. మోసం అంకెల్లో లేదు, వడ్డీ రేటు భారం ఎక్కువ, అది వేరే సంగతి అన్నాను.

ఇక సూత్రం. దాన్ని మళ్లీ చెప్పాల్సిన పని పడలేదు. యాభై వేలు 86 వేలు కావాలంటే దేనితో గుణించాలి అంటే 1.72 అంది. 86 వేలు 1,47,920 కావాలన్నా అదే 1.72. తను 50,000 × 1.72 × 1.72 అని రాసి, "ఇంకోసారి తిరగరాస్తే ఇంకో 1.72 పడుతుంది" అంది. ఘాతాంకం దేన్ని లెక్కపెడుతుంది అన్న దానికి అదే జవాబు. నోటు ఎన్నిసార్లు తిరగరాశారో దాన్ని. r/n అంటే ఒక నోటు గడువులో అయ్యే వడ్డీ, nt అంటే మొత్తం నోట్ల సంఖ్య. ఇక్కడ ఏడాదికి n ఎంత అని అడిగితే చాలాసేపు ఆలోచించింది, ఎందుకంటే పుస్తకంలో n ఎప్పుడూ 1, 2, 4, 12 గానే ఉంటుంది. మూడేళ్లకు ఒక నోటు అంటే ఏడాదికి మూడో వంతు నోటు. n = 1/3 పెట్టి చూడమన్నాను. 0.24ని మూడో వంతుతో భాగిస్తే 0.72, ఆరేళ్లను మూడో వంతుతో గుణిస్తే 2.

```
50,000 × (1 + 0.72)^2 = 1,47,920
```

పుస్తకంలోని సూత్రం వాళ్ల ఊరి నోటుకు అక్షరాలా పనిచేసింది. ఈ n = 1/3 మెట్టు దాటించమని ఇతర టీచర్లకు కూడా చెబుతున్నాను. n అనేది పరీక్షపత్రంలో ఇచ్చే అంకె కాదని, వడ్డీని ఎప్పుడెప్పుడు అసలులో కలుపుతారో చెప్పే ఒప్పందమని పిల్లలకు అక్కడే తెలుస్తుంది.

పాత లెక్కకు వెనక్కి వెళ్లాం. ఆరు నెలలకోసారి తిరగరాసే నోటు, ఒక్కో గడువుకు 6 శాతం, మూడేళ్లలో ఆరు నోట్లు. 10,600, 11,236, 11,910.16 అని ఒక్కో నోటూ రాసుకుంటూ పోయి 14,185.19 దగ్గర ఆగింది. పక్కన పెన్సిల్‌తో రాసిన 13,600తో పోల్చుకుంది. 585 ఎక్కువ. ఈసారి అవి ఎక్కడివని అడగలేదు.

పరీక్షలో ఆరు వరుసలు రాసే టైం ఉండదు కాబట్టి క్యాలిక్యులేటర్ సంగతి కూడా చూశాం. తన దగ్గర ఉన్నది ఘాతాంకం బటన్ లేని మామూలుది. ఇలాంటి చాలా వాటిలో 1.06 నొక్కి గుణకారం గుర్తు నొక్కి సమానం నొక్కితే వర్గం వస్తుంది, ఆపైన సమానం నొక్కిన ప్రతిసారీ ఇంకో 1.06తో గుణిస్తుంది. కొన్ని కంపెనీల వాటిలో గుణకారం గుర్తు రెండుసార్లు నొక్కాలి. ఇందులో పిల్లలు తరచూ చేసే తప్పు, ఆరో ఘాతం కదా అని సమానం ఆరుసార్లు నొక్కడం. అలా చేస్తే ఏడో ఘాతం వస్తుంది, ఎందుకంటే మొదటి నొక్కుకే రెండో ఘాతం అయిపోయింది. ఆరో ఘాతానికి ఐదు నొక్కులు. కొత్త క్యాలిక్యులేటర్ పట్టుకున్నప్పుడు ముందు 2తో చేసి చూడాలి. 4, 8, 16 అని వరసగా వస్తే అది మాట వింటున్నట్టు. తను అలాగే సరిచూసుకుని 1.418519 తెచ్చింది.

పదిన్నర అయింది, పడుకోమన్నాను. ఇంకొక్కటి మేడమ్ అంటూ తనే అడిగింది, ఆ పెద్దాయన ఏడాదికోసారి తిరగరాయించి ఉంటే మాకు ఎంతయ్యేది అని. నేను నిజానికి సమర్థ వడ్డీ రేటు అనే పాఠాన్ని ఆ రాత్రికి వదిలేద్దాం అనుకున్నాను, ఈ ప్రశ్నతో అదే నడిచి వచ్చింది. తన చేతే చేయించాను. అదే యాభై వేలు, అదే రెండు రూపాయల వడ్డీ, అవే ఆరేళ్లు. ఎప్పటికీ కలపకుండా బారువడ్డీగానే ఉంచితే 1,22,000. మూడేళ్లకోసారి కలిపితే 1,47,920. ఏడాదికోసారి కలిపితే 1,81,761. నెలనెలా కలిపితే 2,08,057. నాలుగింటికీ కాగితం మీద ఉన్న వడ్డీ 24 శాతమే, కట్టాల్సింది మాత్రం నాలుగు రకాలు. అందుకే రేటు ఒక్కటే చెబితే సరిపోదు, ఎన్నాళ్లకు కలుపుతారో కూడా చెప్పాలి, రెండూ కలిపి ఏడాదికి ఎంత పడుతుందో తేల్చిన అంకే సమర్థ రేటు. నెలనెలా కలిపే 24 శాతం ఏడాదికి 26.82 అవుతుంది. వాళ్ల నోటు మాత్రం, ఏడాది లెక్కలోకి మారిస్తే సుమారు 19.8. ఈ చివరి అంకె తనకు ఆశ్చర్యం కలిగించింది. మూడేళ్లపాటు వడ్డీ పక్కన ఊరికే కూర్చుంటుంది కాబట్టి తగ్గుతుందని తనే కారణం చెప్పింది. రోజూ కలిపితే ఆకాశానికి పోతుందా అని కూడా అడిగింది. పోదు. నూరు రూపాయలు 24 శాతానికి ఏడాదిలో నెలనెలా కలిపితే 126.82, రోజూ కలిపితే 127.11, క్షణక్షణం కలిపినా 127.12 దగ్గర ఆగిపోతుంది. సిలబస్‌లో లేదు, అందుకే అంతటితో ఆపేశాం.

మర్నాడు పేపర్లో ఒక బ్యాంకు ఏడాదికోసారి కలిపి 12.25 శాతం, ఇంకోటి మూడు నెలలకోసారి కలిపి 12 శాతం ఇస్తుంటే డిపాజిట్ ఎందులో పెట్టాలి అన్న తరహా ప్రశ్న వచ్చింది. బయటికి వచ్చాక తను ఎలా చేసిందో చెప్పించుకున్నాను. ఏడాదికి నాలుగు నోట్లు, ఒక్కోటి 3 శాతం, 1.03 నాలుగో ఘాతం, సమానం మూడు నొక్కులు, 12.55 శాతం, కాబట్టి రెండో బ్యాంకు. వరుస తప్పలేదు. ప్రస్తుత విలువ లెక్క కూడా చేసింది. దాన్ని మేం ఆ రాత్రి చేయలేదు. కానీ లక్షా నలభై ఏడు వేల తొమ్మిదొందల ఇరవైని 1.72తో రెండుసార్లు భాగిస్తే యాభై వేలకు తిరిగి వస్తుందని సరిచూసుకునేటప్పుడే గమనించిందట, అదే వాడింది. వాయిదాల లెక్క మాత్రం వదిలేసింది. ఏటేటా కొంత కడుతూ పోయే డబ్బులో ప్రతి వాయిదాకూ వేరే గడువు ఉంటుంది, మొదటి వాయిదా ఎక్కువ నోట్లు చూస్తుంది, చివరిది అసలు చూడదు. అది ఒక్క రాత్రిలో దిగే విషయం కాదు, తర్వాతి వారాల్లో విడిగా చెప్పాను.

పరీక్షలు అయ్యాక తను ఇంకో ప్రశ్నతో వచ్చింది. ఇది ఫైనాన్స్ టీచర్లు తెలుసుకుని ఉండాల్సింది కాబట్టి రాస్తున్నాను. తిరగరాసినప్పుడే వడ్డీ అసలులో కలుస్తుంది కదా, మరి తిరగరాయకపోతే? ఆ పెద్దాయన తిరగరాయించేది కాలదోషం భయంతో. 1963 నాటి లిమిటేషన్ చట్టం ప్రకారం ప్రోనోటు మీద దావా వేయడానికి మూడేళ్లే గడువు, ఆ తర్వాత కోర్టులో వసూలు చేసుకోలేడు. ఆ భయం న్యాయమైనదే. అయితే అదే చట్టం 19వ సెక్షన్‌లో ఇంకో దారి ఉంది. గడువు తీరకముందే బాకీలోనో వడ్డీలోనో కొంత కట్టి, ఆ కట్టినట్టు బాకీదారు తన చేతిరాతతోనో సంతకంతోనో నోటు మీద రాసిస్తే ఆ కట్టిన తేదీ నుంచి మళ్లీ మూడేళ్లు మొదలవుతాయి. పల్లెల్లో చెల్లు పెట్టడం అనేది ఇదే. డబ్బు కట్టకపోయినా, బాకీ ఉన్నమాట నిజమని గడువులోగా రాసి సంతకం పెట్టినా 18వ సెక్షన్ కింద అలాగే గడువు కొత్తగా మొదలవుతుంది. అంటే అప్పిచ్చినాయన హక్కు పోకుండా కాపాడటానికి వడ్డీని అసలులో కలపాల్సిన అవసరమే లేదు. నోటు తిరగరాయడంలో రెండు పనులు కలిసిపోయి ఉన్నాయి, గడువు పొడిగించడం ఒకటి, వడ్డీని అసలు చేయడం రెండోది. మొదటిది ఆయనకు అవసరం. రెండోది బేరం.

తను ఈసారి లెక్క నాకంటే ముందే వేసుకొచ్చింది. ఇప్పుడున్న 1,48,000 నోటుకు నెలకు 2,960 వడ్డీ. ఏమీ కట్టకుండా గడువు తీరేసరికి తిరగరాస్తే 2,54,560, ఆపైన నెలకు 5,091. అదే చెల్లు పెట్టి పాత నోటే నడిపిస్తే వడ్డీ పెరుగుతూనే ఉంటుంది కానీ నెలకు 2,960 దగ్గరే ఉంటుంది. తండ్రిని ఒప్పించింది, ఈ మిరప డబ్బులో ముందు ఈ నోటుకు చెల్లు పెట్టమని, తేదీ వేయించి, అప్పిచ్చినాయన చేత కూడా వెనక సంతకం చేయించుకోమని. వేలిముద్ర వేసే మనిషి అయితే పక్కన సాక్షుల సంతకాలు ఉంటే మంచిది. ఊళ్లో వకీలుకు కూడా ఒకసారి చూపించమన్నాను, నోటులో ఉన్న మాటలను బట్టి చిన్నచిన్న తేడాలు రావచ్చు. అప్పిచ్చినాయన ఒప్పుకుంటాడా లేదా అన్నది ఇంకా తేలలేదు, గడువుకు ఇంకా టైం ఉంది.

ఈ పద్ధతి అందరికీ పనిచేయదు, అదీ చెప్పాలి. తర్వాతి బ్యాచ్‌లో ఒక అబ్బాయికి ఇలాగే చెప్పబోతే కుదరలేదు. వాళ్ల ఇంట్లో వడ్డీ నెలనెలా ఇంటికొచ్చి వసూలు చేసుకుపోతారు. వడ్డీ ఎప్పటికప్పుడు కట్టేసే అప్పులో కలిసేది ఏమీ ఉండదు, ఎన్నేళ్లయినా అసలు అంతే ఉంటుంది, కాబట్టి చక్రవడ్డీ ఆ ఇంట్లో కనపడదు. అతనికి రికరింగ్ డిపాజిట్ పాస్‌బుక్కు తెప్పించి, వడ్డీ పడిన తేదీల కింద గీతలు గీయించి మొదలుపెట్టాల్సి వచ్చింది. బాకీల ఊసెత్తడానికే ఇష్టపడని పిల్లలూ ఉంటారు, వాళ్లను కదపకూడదు, వాళ్లకూ పాస్‌బుక్కే మేలు. ఏ కాగితమైనా సరే, దాని మీద వడ్డీ అసలులో కలిసిన తేదీ కనిపించాలి. ముందు ఆ తేదీల్ని వేలితో చూపించమని అడగండి, అవి దొరికాక సూత్రం రాయించండి.